జబ్బవాపు టీకా ముందు ఏ పశువుకు వెయ్యాలి?

పశువు కండ వాచి, ఒకటి రెండు రోజుల్లోనే చంపే జబ్బవాపు మాట రాగానే అందరూ అడిగేది ఒకటే: టీకా వేయించారా, లేదా? నన్నడిగితే ఆ ప్రశ్న సగమే. ఏ పశువుకు వేయించారు, ఏ వారంలో వేయించారు అన్నది మిగతా సగం. చావుబతుకులు తేలేది ఎక్కువగా అక్కడే. పాలమూరు వైపు పల్లెల్లో పశువైద్యుడిగా పనిచేసిన రోజుల్లో ఏటా చూసిందే చూశాను. శిబిరానికి పాలిచ్చే ఆవులూ గేదెలూ వస్తాయి. జబ్బవాపుతో చచ్చేవి మాత్రం ఆ శిబిరానికి రాని కోడెదూడలు, పెయ్యలు.

ఈ జబ్బు ఎక్కువగా ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పశువులకు వస్తుంది. మూడేళ్ల దాకా రావచ్చు గానీ, అసలు తాకిడి ఆ చిన్నవయసు మీదే. వాటిలోనూ బక్కవాటిని వదిలి, బాగా మేసి నిగనిగలాడేవాటినే పట్టుకుంటుంది. గేదెలకు ఆవులంత ఎక్కువగా రాదు. ఆరు నెలల లోపు లేగలకు, తల్లికి టీకా పడి ఉంటే, జున్నుపాలతో వచ్చిన రక్షణ కొంతకాలం ఉంటుంది. అది తగ్గిపోయి, సొంత రక్షణ ఇంకా తయారుకాని వయసులోనే దూడ మందతో పాటు బీడుకు వెళ్లడం మొదలుపెడుతుంది. మనం టీకాకు తీసుకురానిది సరిగ్గా ఈ వయసు దూడనే.

ఒక కోడె సంగతి చెబుతాను. ఏడాది దాటి రెండు మూడు నెలలై ఉంటుంది, 120 కిలోల దాకా తూగుతుంది. మరుసటి ఏడు కాడికి కడదామని రైతు దాన్ని ప్రత్యేకంగా చూసుకుంటున్నాడు. తొలకరి పడి గుట్టకింద పచ్చిక లేచిన రోజులు. సాయంత్రం మంద ఇంటికొచ్చేటప్పుడు అది వెనకబడి, కుడి వెనక కాలు ఈడుస్తూ వచ్చింది. బురదలో జారిందనో, పెద్ద ఎద్దు పొడిచిందనో అనుకున్నారు. రాత్రి మేత ముట్టలేదు, నెమరు వేయలేదు. తెల్లారేసరికి తొడ ఉబ్బింది. వాత పెడితే వాపు దిగుతుందని వాడకట్టులో ఎవరో చెబితే కొడవలి కాల్చి వాత పెట్టారు. నాకు ఫోన్ వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

"సారూ, నిన్న పొద్దుగూకేదాక మంచిగనే ఉండె. రాత్రికే ఇట్లయింది" అన్నాడు రైతు. ఈ జబ్బులో దాదాపు ప్రతి రైతూ చెప్పే మాట ఇది, అందులో అబద్ధమేమీ ఉండదు.

నేను వెళ్లేసరికి కోడె కాలు నేల మీద ఆనించలేక నిలబడి ఉంది. జ్వరం 105 డిగ్రీలు. తొడ మీద వాపు అంచుల్లో ఇంకా వేడిగా ఉంది. నడిమిభాగం మాత్రం చల్లబడి, తోలు బిగుసుకుని నల్లగా మారింది. అక్కడ నొక్కితే పశువు కదల్లేదు. అంచు నొక్కితే కాలు విదిల్చింది. అరచేత్తో అదిమితే ఎండుటాకుల మీద చెయ్యి వేసినట్టు లోపల చిటపటమంది. కండలో గాలి చేరిందన్నమాట. జబ్బవాపును గుర్తుపట్టడానికి రైతుకు చేతిలోనే ఉన్న పరీక్ష ఇది. ముందు వేడిగా నొప్పిగా ఉన్న వాపు గంటల్లో చల్లబడి, నొప్పి పోయి, నొక్కితే చప్పుడు చేస్తుంది. పాము కరిస్తే వాపు వస్తుంది గానీ, మామూలుగా ఇలా చిటపటమనదు. గొంతువాపులో వాపు గొంతు కింద ఉంటుంది, గురక వినిపిస్తుంది. కాలు మడతపడితే జ్వరం 105 దాకా పోదు.

పెన్సిలిన్ వేశాను. ఇలాంటి కేసులో కిలోకు 40 వేల యూనిట్ల దాకా పెద్ద డోసు కావాలి. ఈ కోడెకు అంటే 48 లక్షల యూనిట్లు. కొంత రక్తనాళంలోకి, మిగతాది మంచి కండలోకి, వాపు చుట్టూ ఎక్కించాను. సాయంత్రానికి పడుకుండిపోయింది. చెయ్యి పెట్టి చూసి "జ్వరం దిగింది సారూ" అని రైతు కొంచెం తేరుకున్నాడు. థర్మామీటరులో చూస్తే మామూలుకన్నా కిందికి పోయింది. అది కోలుకుంటున్న గుర్తు కాదని ఆయనకు చెప్పాల్సి వచ్చింది. కోడి కూయకముందే చచ్చిపోయింది. కుంటడం మొదలై ఒకటిన్నర రోజు కూడా కాలేదు.

మందు పనిచేయలేదంటే పెన్సిలిన్ పనికిరాదని కాదు. ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి పేరు క్లాస్ట్రిడియం షావియై. లియోన్‌లో పనిచేసిన ఫ్రెంచి శాస్త్రవేత్త షోవో పేరు మీద పెట్టారు. పందొమ్మిదో శతాబ్దం చివరి పాతికేళ్ల దాకా దీన్నీ, ఆంత్రాక్స్ అనే దొమ్మనూ ఒకే జబ్బు కింద లెక్కగట్టేవారు. గాలి తగిలే చోట ఇది పెరగదు. గట్టి తొడుగు కట్టుకుని మట్టిలో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. ఆ తొడుగు కట్టుకున్న రూపాన్ని సిద్ధబీజం అంటారు. పశువు మేసేటప్పుడు మట్టితో పాటు సిద్ధబీజాలు కడుపులోకి పోతాయి, పేగుల్లోంచి రక్తంలో కలిసి కండల్లోకి చేరి ఊరికే ఉంటాయి. వాటితో ఏ ఇబ్బందీ లేకుండా తిరిగే పశువులు కూడా ఉంటాయి.

ఆ కండకు దెబ్బ తగిలినా, తోపులాటలో నలిగినా, రక్తప్రసారం తగ్గి అక్కడ ప్రాణవాయువు కరువవుతుంది. సిద్ధబీజం మేలుకునేది అప్పుడే. తొడ, జబ్బ లాంటి పెద్ద కండల్లో వాపు ఎక్కువగా రావడానికీ, తోటి దూడలతో కుమ్ములాడుకునే వయసులో రావడానికీ ఇదే కారణం. ఇక పుష్టిగా ఉన్న కండలో చక్కెర నిల్వలు ఎక్కువ. సూక్ష్మజీవి వాటిని పులియబెట్టి గాలి పుట్టిస్తుంది. మనం చేత్తో వినే చప్పుడు ఆ గాలిదే. అంతకన్నా ప్రమాదం, అది విడిచే విషం. ఆ విషానికి కండ చచ్చి నల్లబడుతుంది, రక్తనాళాలు మూసుకుపోతాయి. నాళాలు మూసుకున్నాక మనం ఎక్కించిన పెన్సిలిన్ ఆ కండలోకి వెళ్లే దారి లేదు. దారి దొరికినా అది సూక్ష్మజీవిని చంపుతుందే గానీ, అప్పటికే ఒంట్లోకి పాకిన విషాన్ని విరవలేదు. వాపు కనబడకముందు, ఒట్టి జ్వరం, కుంటు ఉన్నప్పుడు వేస్తే బతికించవచ్చు. కానీ ఆ గంటల్లో ఏ రైతైనా కాలు బెణికిందనే అనుకుంటాడు. ఒక్కోసారి జబ్బు గుండె కండలోనో, నాలుకలోనో, డయాఫ్రమ్‌లోనో మొదలవుతుంది. అప్పుడు బయటికి వాపే కనబడదు, పొద్దున కొట్టంలో చచ్చి పడి ఉంటుంది.

అందుకే వైద్యం మీద ఆశపెట్టుకోవడం దండగ అంటాను. ఆ ఒక్కరోజు మందులకు, డాక్టరు రావడానికి అయ్యే ఖర్చుతో ఆ మందలోని దూడలన్నిటికీ టీకా వేయించవచ్చు.

మరి ఎప్పుడు వేయించాలి? "వానలకు ముందు" అని ప్రతి కరపత్రంలో ఉంటుంది. ఎంత ముందు అన్నది కార్తెలతో లెక్కగడదాం. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. తొలకరి అటూ ఇటూగా అప్పుడే. వానకు లేచిన లేత పచ్చికను పశువు నేల నాకినట్టు కొరుకుతుంది, మట్టి నోట్లోకి పోతుంది. వాననీళ్లకు అడుగుమట్టి కదిలి సిద్ధబీజాలు పైకొస్తాయి, పల్లపు చోట్ల చేరతాయి. టీకా వేసిన రోజే రక్షణ రాదు. అది తయారు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మృగశిర నుంచి మూడు వారాలు వెనక్కి లెక్కపెడితే మే 18 వస్తుంది. మందలో ప్రతి పశువుకూ చివరి సూది ఆలోపు పడిపోవాలి.

ఏటా టీకా పడుతున్న పెద్ద పశువుకు ఈ లెక్క చాలు. జీవితంలో మొదటిసారి టీకా వేయించుకుంటున్న దూడకు చాలదు. సూక్ష్మజీవిని ఫార్మలిన్‌తో చంపి, పటిక కలిపి చేసిన టీకా ఇది. చచ్చిన సూక్ష్మజీవితో చేసిన టీకా మొదటి డోసుకు ఒంటికి పరిచయం మాత్రమే అవుతుంది, రెండో డోసుకు గట్టి రక్షణ వస్తుంది. అందుకని మొదటిసారి వేసే దూడలకు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు వేయడం మంచి పద్ధతి. మే 18 నుంచి నాలుగు వారాలు వెనక్కి పోతే ఏప్రిల్ 20. అంటే శ్రీరామనవమి పందిళ్లు విప్పిన కొద్దిరోజులకే దూడకు మొదటి సూది పడాలి. మన శిబిరాల్లో మామూలుగా ఒక్క డోసే వేస్తారు, అదీ చాలాచోట్ల జూన్‌లోకి జారుతుంది. జూన్ చివర్లో వేసిన టీకాకు రక్షణ వచ్చేసరికి జూలై మధ్య అవుతుంది. పైన చెప్పిన కోడె చచ్చింది కూడా ఆ రోజుల్లోనే. ఆ ఊళ్లో శిబిరం జరిగి పది రోజులు కాలేదు. అయినా దానికి ఆ సూది కూడా పడలేదు, గుట్టకు వెళ్లిపోయింది.

(ఇది నైరుతి వానల మీద బతికే ఊళ్ల లెక్క. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు తర్వాత పడతాయి. అక్కడివాళ్లు తమ వాన చూసుకుని వెనక్కి లెక్కపెట్టుకోవాలి. టీకా రక్షణ ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఉంటుంది కాబట్టి, ఏప్రిల్‌లో వేసిన ఒక్క సూది మీద నవంబరు దాకా భరోసా పెట్టుకోలేం.)

మే నెలలో శిబిరం అంటే రైతుల నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. "ఎండలకు గొడ్లు బక్కచిక్కినయ్, ఇప్పుడు సూదులా?" అంటారు. అందులో కొంత న్యాయం ఉంది. తిండిలేక నీరసించిన పశువు టీకాకు బలంగా స్పందించదు. జ్వరంతో ఉన్నదానికి అసలు వేయకూడదు. కానీ ఎండాకాలం సన్నబడటం వేరు, జబ్బు పడటం వేరు. సన్నబడ్డ దూడకు మేలో సగం రక్షణ వచ్చినా, జూలైలో ఏమీ లేకపోవడం కన్నా నయం. టీకాకు వారం పదిరోజుల ముందు నట్టల మందు తాగిస్తే ఇంకా మంచిది. పాలు తగ్గుతాయన్న భయం కూడా ఉంది. నిజమే, ఒకటి రెండు రోజులు కాస్త తగ్గవచ్చు. చిత్రమేమిటంటే, పాలు తగ్గుతాయని భయపడుతూనే పాడిపశువును టీకాకు తెస్తారు. పాలే ఇవ్వని కోడెకు ఆ భయమూ లేదు, అయినా దాన్ని తీసుకురారు.

ఎందుకు తీసుకురారు? ఇక్కడ రైతును ఒక్కడినే తప్పుపట్టలేను. పాడిపశువు ఇంటి దగ్గర కట్టేసి ఉంటుంది, నెమ్మదిగా వస్తుంది. కోడెను పట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. పొద్దున్నే మందతో పోతుంది. శిబిరం పెట్టేది పదింటికి. గ్రామపంచాయతీ దగ్గర మైకులో చెప్పేసరికి మంద ఊరు దాటిపోతుంది. ఇంట్లో ఉన్నవాటికి వేసి, సంఖ్య రాసుకుని, వాహనం పక్క ఊరికి వెళ్తుంది. ఇది మార్చాలంటే ముందురోజే కాపరికి చెప్పి మందను ఆపించాలి, తెల్లారి ఆరింటికి దొడ్డి దగ్గరే వేయాలి, దూడలకు ముందు వేసి పెద్దవాటికి తర్వాత వేయాలి. సీసాలు అయిపోతే మిగిలిపోయేది పెద్దవి కావాలి, దూడలు కాకూడదు.

పొద్దున్నే పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండ తగిలితే పాడవుతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా పాడవుతుందని చాలామందికి తెలియదు. పటిక కలిపిన టీకా ఒకసారి గడ్డకట్టి కరిగితే, పటిక ముద్దలు కట్టి విడిపోతుంది, బలం పోతుంది. ఐసు ముక్కల మధ్య సీసాను నేరుగా కూరిన పెట్టెలు నేను చూశాను. సీసాకూ ఐసుకూ మధ్య గుడ్డో కాగితమో అడ్డం ఉండాలి. సూది వేసే ముందు సీసా బాగా ఊపాలి. ఊపకపోతే పైన తేటనీళ్లు ముందు పశువులకు, అడుగున చిక్కటిది చివరి పశువులకు పోతుంది. జబ్బవాపు ఒక్కదానికే చేసిన టీకా మామూలుగా 5 మి.లీ. మెడ మీద తోలు కింద వేస్తారు. గొంతువాపుతోనో గాలికుంటుతోనో కలిపి చేసినవాటిలో డోసు వేరుగా ఉంటుంది కాబట్టి సీసా మీద రాసింది చూసుకోవాలి. వేసిన చోట చిన్న గడ్డ వస్తే భయం లేదు, కొన్ని వారాల్లో కరుగుతుంది. సర్కారు టీకా ఆలస్యమయ్యేటట్టు ఉంటే నలుగురు రైతులు కలిసి కొనుక్కోవచ్చు. 5 మి.లీ. డోసు లెక్కన 100 మి.లీ. సీసా 20 పశువులకు సరిపోతుంది. తెరిచిన సీసాను మాత్రం ఆ రోజే వాడెయ్యాలి.

"పోయినేడు టీకా వేయించినా చచ్చింది" అనేవాళ్ల మాటను చాలామంది డాక్టర్లు కొట్టిపారేస్తారు. నేను ముందు తేదీ అడుగుతాను. టీకా పడిన రెండు వారాల్లోపు చచ్చిందా? అది జీవితంలో మొదటి డోసా? టీకా పెట్టె ఎక్కడ, ఎలా పెట్టారు? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఎక్కువసార్లు కారణం అక్కడే ఉంటుంది. ఇంకొకటి, చచ్చింది జబ్బవాపుతోనేనా అన్నది. గాయంలోంచి దిగి అచ్చం ఇలాంటి వాపే తెచ్చే ఇంకో క్లాస్ట్రిడియం ఉంది. జబ్బవాపు ఒక్కదాని టీకా దాన్ని ఆపదు.

ఇక ఊళ్లో ఒక పశువు పడిపోయాక ఏం చేయాలన్నది. కళేబరాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు. కోస్తే లోపలున్నదంతా నేల మీద పడి, సిద్ధబీజాలు ఆ మట్టిలో ఏళ్లపాటు ఉంటాయి. పైగా అది దొమ్మ అయితే కోసినవాడికే ప్రాణం మీదికి వస్తుంది. ముక్కు, నోరు, ఆసనం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అసలు ముట్టుకోవద్దు, డాక్టరును పిలవాలి. చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం గాజుపలక మీద తీసి చూస్తే సందేహం తీరుతుంది. ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. ఆ చోటికి మేతకు తోలకూడదు.

ఆ కోడె చచ్చిన ఇంట్లో రైతు మొదట చేసిన పని, మిగతా దూడలను దాని కట్టుకొయ్య నుంచి దూరంగా కట్టడం. ఈ జబ్బు ఒక పశువు నుంచి ఇంకోదానికి నేరుగా అంటదు. కట్టుకొయ్య మార్చి, మళ్లీ అదే గుట్టకింద పచ్చికకు తోలితే ఫలితం లేదు. మంద మేసే చోటు మార్చారు. మిగతా దూడలన్నిటికీ టీకా వేశాం, దాంతోపాటు పెన్సిలిన్ కూడా. టీకా రక్షణ వచ్చే దాకా ఉన్న రెండు వారాల సందు పూడ్చేది అదే. చచ్చిన సూక్ష్మజీవితో చేసిన టీకా కాబట్టి పెన్సిలిన్ దాన్ని చెడగొట్టదు. పొద్దునా సాయంత్రం థర్మామీటరు పెట్టి చూడమన్నాను. ఒక పెయ్యకు మూడో రోజు జ్వరం 104 దాటింది, కాస్త కుంటు కనబడింది, వాపు లేదు. అది జబ్బవాపేనని రుజువు లేదు, నేను రుజువు కోసం ఆగలేదు. పెద్ద డోసు వేశాను, బతికింది.

గాలికుంటుకు దేశమంతా ఏటా రెండు విడతల టీకా కార్యక్రమం నడుస్తోంది, దానికి నిర్ణీత గడువులూ లెక్కలూ ఉన్నాయి. జబ్బవాపుకు అంత పట్టు లేదు. అయినా నేను కొత్త పథకం అడగడం లేదు. శిబిరం ముగిశాక మండలం నుంచి పైకి వెళ్లే కాగితంలో ఉండేది మొత్తం వేసిన డోసులు. వెయ్యి డోసులు అని రాస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది, ఆ వెయ్యిలో దూడలు వందే ఉన్నా ఎవరికీ తెలియదు. చెవికి పన్నెండంకెల ట్యాగు ఉన్న పశువు వయసు, పశువుల వివరాలు నమోదు చేసే కేంద్ర ఆన్‌లైన్ వ్యవస్థ భారత్ పశుధన్‌లో ఇప్పటికే ఉంటుంది. ట్యాగు లేని దూడ వయసు పళ్లు చూసి చెప్పవచ్చు. ఆ కాగితంలో ఇంకో రెండు గడులు పెట్టాలి: ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పశువులు ఊళ్లో ఎన్ని, వాటిలో మే 18 లోపు టీకా పడ్డవి ఎన్ని. జిల్లా సమీక్షలో అడిగేది ఆ రెండో గడి అయితే, శిబిరం దానంతటదే ఆరింటికి జరుగుతుంది.